హస్త మూడో పాదం, అక్షరం ణ

ఇబ్రహీంపట్నంలో పెద్దచెరువు వైపున్న ఒక ఇంట్లో ఇరవై ఒకటో దినం నాటికి పాపకు పేరు తేలలేదు. ఇంట్లో పేర్లకు కొదవేం లేదు. బాబాయిలు, పెద్దమ్మలు ఫోన్లలో పంపినవే రెండు పేజీలు నిండాయి. ఇబ్బందల్లా అక్షరం దగ్గర వచ్చింది. పాప మేనమామ లెక్క ప్రకారం హస్త రెండో పాదం, అక్షరం 'ష'. పంతులుగారి లెక్క ప్రకారం హస్త మూడో పాదం, అక్షరం 'ణ'. ణ అక్షరంతో మొదలయ్యే పేరు తెలుగులో ఎవరికైనా తడుతుందా? ఆ పంతులుగారు దాన్ని ఎలా విప్పారో దగ్గర కూర్చుని చూశాను. బారసాల అంటే తొట్టెల, శనగలు, ఫొటోలు అనుకునేవాళ్లకు ఆయన పనితనంలో సగం కనబడదు. తొట్టెల కట్టకముందే అది జరిగిపోతుంది.

మేనమామ చేసిన లెక్క చాలామంది చేసేదే. గోడ కేలండరులో శుక్రవారం గడిలో 'ఉత్తర తె. 5.10' అని, శనివారం గడిలో 'హస్త తె. 4.30' అని ఉంది. పాప శనివారం సాయంత్రం ఐదింటికి పుట్టింది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది. కాబట్టి శుక్రవారం గడిలో ఉన్న తెల్లవారుజాము 5.10 మన గడియారానికి శనివారం తెల్లవారుజామే. అప్పటికి ఉత్తర వెళ్లి హస్త వచ్చింది. ఇక్కడిదాకా మేనమామ తప్పు చేయలేదు. ఈ 'తె.' దగ్గరే ఒక రోజు అటూ ఇటూ అయి నక్షత్రమే మారిపోయిన జాతకాలు ఉంటాయి. అతను దాన్ని సరిగ్గానే చదివాడు. ఆ తర్వాత, నక్షత్రం అంటే ఒక రోజు, పాదం అంటే ఆరు గంటలు అనుకుని 5.10కి ఆరు కలిపాడు. 11.10 దాకా మొదటి పాదం, సాయంత్రం 5.10 దాకా రెండో పాదం. ఐదింటికి పుట్టింది కనుక రెండోది. ష.

పంతులుగారు ఆరు గంటలను ముట్టుకోలేదు. "హస్త ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, మొత్తం ఎన్ని గంటలున్నది? ముందు అది చెప్పు బాబూ" అన్నారు. శనివారం తెల్లవారుజాము 5.10 నుంచి ఆదివారం తెల్లవారుజాము 4.30 దాకా అంటే 23 గంటల 20 నిమిషాలు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్క పాదం 5 గంటల 50 నిమిషాలు. మొదటి పాదం పగలు 11 గంటలకు అయిపోయింది. రెండోది సాయంత్రం 4.50కి అయిపోయింది. ఐదింటికల్లా మూడో పాదం వచ్చి పది నిమిషాలైంది.

చంద్రుడు ఒకే వేగంతో నడవడు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు తొందరగా, దూరంగా ఉన్నప్పుడు నిదానంగా కదులుతాడు. అందుకే ఒక నక్షత్రాన్ని దాటడానికి ఒకసారి 21 గంటలు పడితే ఇంకోసారి 27 గంటలు పడుతుంది. పాదం కూడా ఐదుంబావు గంటల నుంచి ఆరుముప్పావు గంటల దాకా సాగుతుంది. ఆరు గంటల లెక్క పాదం నడిమిలో పుట్టిన పిల్లలకు పనికొస్తుంది. అంచులో పుట్టినవాళ్లకు పనికిరాదు.

అంచు అనగానే ఆయన తర్వాతి ప్రశ్న వేశారు. "ఐదింటికి అని ఎవరు చెప్పిన్రు?" ఆస్పత్రి కాగితంలో ఉందన్నారు. "సరిగ్గ ఐదు అంటే ఎవరో గుండ్రంగ రాసిన్రన్నట్టు. నాలుగూ నలభై ఎనిమిది కూడా అట్ల రాయొచ్చు." అప్పుడు పాప తండ్రి ఫోన్ తీసి చూపించాడు. నర్సు బయటికొచ్చి చెప్పగానే వాళ్లమ్మకు చేసిన కాల్ 5.03కి ఉంది. అత్తగారికి గుర్తున్నది ఇంకోటి, లోపలి నుంచి ఏడుపు వినబడ్డాక ఎక్కువసేపు ఆగలేదని. పంతులుగారు ఆ రెండూ కలిపి, నాలుగూ యాభైకి ముందు కాదని తేల్చారు. చూడడానికి చిన్న విచారణే. కానీ పాదం అంచున పుట్టిన బిడ్డకు ఈ విచారణ చేయకుండా అక్షరం చెప్పే పంతులు ఎంత మంచి స్వరంతో మంత్రం చదివినా నాకు నమ్మకం కుదరదు.

ఆయన పాటించిన నియమం ఇంకోటి ఉంది. నక్షత్రం వచ్చిన వేళ, వెళ్లిన వేళ రెండూ ఒకే పంచాంగంలోంచి తీసుకున్నారు. పూర్వ పద్ధతిలో కట్టే పంచాంగానికి, దృగ్గణితంతో కట్టే పంచాంగానికి ఈ వేళల్లో తేడా వస్తుంది. ఒకదాంట్లోంచి మొదలు, ఇంకోదాంట్లోంచి చివర తీసుకుంటే వచ్చే పాదం ఏ పంచాంగానిదీ కాదు. బిడ్డ విదేశంలో పుడితే ఇంకో మెలిక. మన పంచాంగంలో ఉన్న వేళ మన దేశపు వేళ. పుట్టిన వేళను ముందు దీనికి మార్చుకోవాలి, తర్వాతే భాగహారం.

ఇంతకూ ఈ ణ ఎక్కడి నుంచి వచ్చింది? పేర్లకు పనికిరాని అక్షరాన్ని పేర్ల పట్టికలో ఎవరు పెట్టారు?

పంచాంగం వెనక పేజీల్లో అశ్విని నుంచి రేవతి దాకా 'చు చే చో లా, లీ లూ లే లో' అని వరుసగా వేసే పట్టిక మనందరికీ తెలుసు. ఆ వరుసలో చదివితే దాంట్లో క్రమం కనబడదు, అక్షరాలు చల్లేసినట్టుంటుంది. అశ్విని దగ్గర కాకుండా కృత్తిక దగ్గర మొదలుపెట్టి చదవండి. పాత నక్షత్ర గణనలు కృత్తికతో మొదలయ్యేవి. కృత్తిక నాలుగు పాదాలు అ ఇ ఉ ఏ. రోహిణి ఓ వ వి వు. మృగశిర వే వో క కి. ఇప్పుడు దారి కనబడుతోంది కదా. ఐదు అచ్చులు అ ఇ ఉ ఏ ఓ వరుసగా నడుస్తాయి. ఒక్కో హల్లూ ఆ ఐదింటినీ ధరించి పక్కకు తప్పుకుంటుంది. హల్లు లేని అ ను కూడా ఒకటిగా లెక్కపెడితే ఆ వరుస అ, వ, క, హ, డ. దీన్నే అవకహడ చక్రం అంటారు, అదే దాని పేరు. ఇలాంటి ఐదక్షరాల వరుసలు నాలుగున్నాయి. అవకహడ, మటపరత, నయభజఖ, గసదచల.

ఒక్కో వరుసకు ఐదు హల్లులు, ఐదు అచ్చులు, అంటే ఇరవై ఐదు అక్షరాలు. ఒక్కో వరుస ఏడు నక్షత్రాలకు సరిపోవాలి. ఏడు నక్షత్రాలకు పాదాలు ఇరవై ఎనిమిది. మూడు అక్షరాలు తక్కువ. ఈ చక్రం కట్టినవాడెవడో గాని, చెక్క చాలని చోట వడ్రంగి అతుకు వేసినట్టు మూడేసి అక్షరాలు అతికాడు. ఆ అతుకు ఎక్కడ వేశాడో చూస్తే అతని పనితనం తెలుస్తుంది. వరుస చివర వేసి చేతులు దులుపుకోలేదు. ఐదు హల్లుల్లో మూడోది క. ఐదు అచ్చుల్లో మూడోది ఉ. ఇరవై ఐదు గళ్ల సరిగ్గా నడిమి గడి 'కు'. మూడు అక్షరాలను ఆ 'కు' వెనకే చేర్చాడు. అలా ఆరుద్రకు కు ఘ ఙ ఛ వచ్చాయి. రెండో వరుసలో నడిమి గడి 'పు', దాని వెనక ష ణ ఠ. అదే హస్త. మూడో వరుసలో పూర్వాషాఢ, నాలుగో వరుసలో ఉత్తరాభాద్ర. నాలుగూ తమతమ ఏడింటిలో నాలుగో నక్షత్రాలే, అంటే నడిమివే. పేరు దొరకని అక్షరాలన్నీ ఈ నాలుగు నక్షత్రాల దగ్గరే ఎందుకు పోగయ్యాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. పంచాంగాన్ని పట్టుకుని 'ఙ' తో పేరేమిటని నవ్వేవాళ్లు ఈ అతుకును చూసి నవ్వుతున్నారు.

నాలుగు వరుసలు, వరుసకు ఇరవై ఎనిమిది, మొత్తం నూటపన్నెండు. ఇరవై ఏడు నక్షత్రాలకు పాదాలు నూటయెనిమిదే కదా అని మీరు అడగవచ్చు. చక్రం కట్టినప్పుడు ఉత్తరాషాఢకు, శ్రవణానికి మధ్య అభిజిత్తు కూడా లెక్కలో ఉంది. జు జే జో ఖ అభిజిత్తువి, ఖి ఖు ఖే ఖో శ్రవణానివి. అభిజిత్తును రోజువారీ లెక్కలోంచి తీసేశాక మన తెలుగు పంచాంగాలు జూ జే జో ఖా లను శ్రవణానికి ఇచ్చాయి. ఉత్తరాది పంచాంగాల్లో శ్రవణానికి ఖీ ఖూ ఖే ఖో లే మిగిలాయి. శ్రవణంలో పుట్టిన బిడ్డకు ఫోన్లో 'ఖీ' అని, ఇంటి పంతులు 'జూ' అని చెప్తే ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు. ఆ రెండు పట్టికలు విడిపోయిన చోటు అది.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. ణ అని తేలగానే పంతులుగారు ఒక పాత నియమం చెప్పారు. ఙ, ఞ, ణ అనేవి పేరు మొదట రావు. వస్తే వాటి బదులు వరుసగా గ, జ, డ లను తీసుకోవాలని జ్యోతిష గ్రంథాల్లో ఉంది. కాబట్టి ణకు డ. ఆడపిల్లకు డ తో పేరేముందని అందరూ ముఖాలు చూసుకున్నారు. ఆయన దానికోసం పట్టుబట్టలేదు. తర్వాత వేసిన అడుగు నాకు బాగా నచ్చింది. "హస్త నాలుగు పాదాలూ కన్యలోనే ఉన్నై. మీరు పూ తీసుకున్నా నక్షత్రం మారదు, రాశి మారదు" అన్నారు.

ఇది అన్ని నక్షత్రాలకూ కుదరదు. రాశికి తొమ్మిది పాదాలు కాబట్టి కొన్ని నక్షత్రాలు రెండు రాశుల మీద పడతాయి. హస్త పక్కనున్న చిత్తనే చూడండి. అక్షరాలు పే పో రా రీ. మొదటి రెండు పాదాలు కన్య, తర్వాతి రెండు తుల. చిత్త రెండో పాదంలో పుట్టిన పిల్లాడికి 'పో' అంటే ఈ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. బమ్మెర పోతనది ఆ అక్షరమే, ఊరూరా గుడి ఉన్న పోచమ్మదీ ఆ అక్షరమే అని చెప్పినా వినరు. 'రా' అయితే బాగుంటుందని అటు జరుగుతారు. అలా జరిగితే పేరు తులలోకి వెళ్లిపోతుంది, పిల్లాడు కన్యలో ఉంటాడు. రేపు పేరును బట్టి రాశిఫలం చూసుకునేవాడు జన్మాంతం పక్కింటి ఫలం చదువుతాడు. హస్తలో ఆ బాధ లేదు. ఏ పాదం అక్షరానికి జరిగినా కన్యే. అందుకే పంతులుగారు అంత నిబ్బరంగా చెప్పారు. చిత్త అయితే అలా చెప్పేవారు కాదని తర్వాత అడిగితే ఒప్పుకున్నారు.

మేనమామ మాత్రం ష ను వదల్లేదు. అదీ హస్తదే కదా, అయితే 'షాలిని' పెడదాం అన్నాడు. అది శ అని, ష కాదని పంతులుగారు నవ్వారు. చక్రంలో శ లేనేలేదు. శ వచ్చే పేర్లన్నీ స కింద లెక్క, అంటే శతభిషం, పూర్వాభాద్రల వైపు. బ, వ లను కూడా ఒకటిగానే చూస్తారు. హ్రస్వం, దీర్ఘం తేడా కూడా చూడరు. ఈ మూడు సర్దుబాట్లు తెలిస్తే పట్టికలో లేని అక్షరాలు ఎక్కడికి పోయాయో అర్థమవుతుంది. మేనమామ సర్దుకున్నాడు. పూజిత, పూర్ణిమ, పూర్వి అని మూడు పేర్లు పళ్లెం పక్కన కాగితం మీదికి వచ్చాయి. పంతులుగారు రెండక్షరాల పూర్వి మీద వేలు పెట్టి, "ఆడపిల్లకు బేసి అక్షరాలు ఉంటే మంచిది" అన్నారు.

ఆ మాట ఆయన ఊరికే అన్నది కాదు. ఆపస్తంబ గృహ్యసూత్రంలో నామకరణానికి రాసిన నియమాల్లో అది ఉంది. మగపిల్లవాడికి రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలి, ఆడపిల్లకు బేసి సంఖ్య ఉండాలి. మగపేరు ఘోషాక్షరంతో, అంటే గ, జ, ద, బ లాంటి మోగే అక్షరంతో మొదలుకావాలి, మధ్యలో య ర ల వ లలో ఒకటి రావాలి అని కూడా ఉంది. వినసొంపును కొలిచి నియమం రాశారన్నమాట. ఆశ్చర్యమేమిటంటే అక్కడ పాదానికి ఒక అక్షరం అన్న మాటే లేదు. నక్షత్రనామం ఉంది గాని అది వేరు. నక్షత్రం పేరు మీదుగానే బిడ్డకు ఒక పేరు పుట్టినప్పుడే పెట్టాలి, దాన్ని రహస్యంగా ఉంచాలి అంటుంది సూత్రం. అందరూ పిలిచే పేరు పదో రోజున పెట్టాలి. అక్షరాల చక్రం జ్యోతిషం వైపు నుంచి తర్వాత వచ్చి ఈ రహస్యనామం స్థానంలో కూర్చుంది. ఇప్పుడు రహస్యంగా ఉండాల్సిన దాన్ని శుభలేఖ మీద అచ్చువేస్తున్నాం. తప్పని నేను అనను గాని, అక్షరం కుదరలేదని ఏడ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి కొంత ఊరట. జన్మనామం ఒకటి, పిలిచే పేరు ఒకటి ఉండడం కొత్తగా కనిపెట్టిన సర్దుబాటేం కాదు. ధర్మసింధువు ఇంకో అడుగు వేసి దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారిక నామం అని నాలుగు పేర్లు చెప్తుంది.

అన్నట్టు, నక్షత్రం పేరున్న, చెట్టు పేరున్న, నది పేరున్న పిల్లను చేసుకోవద్దని మనుస్మృతి అంటుంది. మన ఇళ్లల్లో రేవతి, స్వాతి, తులసి, కృష్ణవేణి, గోదావరి లేని వీధి ఉందా? పేర్ల విషయంలో తెలుగువాళ్లు శాస్త్రాన్ని ఎంతవరకు వినాలో అంతవరకే విన్నారు.

శుక్రవారం పొద్దున క్రతువు మొదలైంది. పుట్టిన శనివారాన్ని ఒకటిగా లెక్కపెడితే ఇరవై ఒకటో దినం శుక్రవారం. పురుడు పది రోజులతో తీరుతుంది కాబట్టి పదకొండో నాడే చేయవచ్చు, కొన్ని ఇళ్లల్లో అలాగే చేస్తారు. ఈ చుట్టుపక్కల ఎక్కువమంది ఇరవై ఒకటికే ఆగుతారు. బాలింత లేచి కూర్చోగలుగుతుంది, బిడ్డ మెడ కూడా కొంచెం గట్టిపడుతుంది. రాహుకాలం పదిన్నరకు వస్తుంది గనక పేరు అంతకుముందే చెవిలో పడాలని పంతులుగారు ముందే చెప్పి ఉంచారు. ఆయన వరుస మొత్తం ఆ ఒక్క వేళ చుట్టూ అమర్చుకున్నదే.

పసుపు గణపతి అయింది. సంకల్పంలో స్థలం చెప్పేటప్పుడు ఇబ్రహీంపట్నం శ్రీశైలానికి ఉత్తరాన, కృష్ణా గోదావరుల మధ్య అని వచ్చింది. కొలత సరైనదే, ఊరు శ్రీశైలానికి ఉత్తరంగా, కాస్త పడమటికి ఉంటుంది. ఊళ్లో మున్సిపాలిటీ వార్డు నంబరు చెప్పేదానికన్నా ఈ చిరునామా నాకు నచ్చుతుంది. అమెరికాలో మన పురోహితులు ఇదే చోట క్రౌంచద్వీపం అని చెప్పుకుంటారు. తర్వాత పుణ్యాహవాచనం. మామిడాకులతో కలశంలోని నీళ్లు ఇల్లంతా చల్లారు. ముందు బాలింత పడుకున్న గది, తర్వాత వంటిల్లు, చివర తొట్టెల. పురుడు తీరిందన్నమాట ఈ నీళ్లతోనే.

జాతకర్మ పుట్టగానే జరగాల్సింది. ఆస్పత్రి కాన్పులు వచ్చాక అది కూడా బారసాలలోనే కలిసిపోయింది. బంగారు ఉంగరంతో తేనె, నెయ్యి కలిపి బిడ్డకు నాకించడం దాంట్లో ముఖ్యం. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టొద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్తారు, దాంట్లో ప్రాణాంతకమైన క్రిములు ఉండే వీలుంది. పంతులుగారు ఆ మాట ఎవరితోనూ అనలేదు. గిన్నెలో తేనె, నెయ్యి ఉన్నాయి, మంత్రం ఉంది. ఉంగరాన్ని ముంచి తండ్రి చేతికిచ్చి, బిడ్డ పెదవికి బెత్తెడు దూరంలో ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "చూపించు చాలు." నానమ్మకు చేసినట్టే ఉంది, డాక్టరుకు చేయనట్టే ఉంది. ఆడపిల్లకు ఈ కర్మలన్నీ మంత్రం లేకుండా చేయాలని ధర్మశాస్త్రాలు అంటాయి. ఆయన మంత్రంతోనే చేశారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక బియ్యం పళ్లెం. ఇక్కడ చిన్న పనితనం ఉంది, ఫొటోలు తీసేవాళ్లకు కూడా కనబడదు. పాప తల్లి పళ్లెం నిండా కిలోంపావు బియ్యం పోసి తెచ్చింది. పంతులుగారు సగం తీసి పక్కన పెట్టించి, మిగిలినవి అరచేత్తో పలచగా పరిచారు. బియ్యం మందంగా ఉంటే ఉంగరంతో గీసిన గాడి వెంటనే పక్క గింజలు జారి పూడిపోతుంది. రాసిన పేరు రాసినట్టే మాయమవుతుంది. గింజ మీద గింజ ఎక్కనంత పలచగా పరిస్తే ఉంగరం పళ్లెం అడుగు దాకా దిగుతుంది, అక్షరం ఇత్తడి రంగులో మెరుస్తుంది. తండ్రి పైన శ్రీకారం, దాని కింద కులదైవం పేరు, దాని కింద మాసనామం రాశాడు. నక్షత్రనామం దగ్గర పంతులుగారు ఆపి, చిన్నగా డ తో ఒక పేరు చెప్పి రాయించి, వెంటనే చేత్తో చెరిపేశారు. పళ్లెం దగ్గర ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ వినబడలేదు. మూడో పాదానికి ఇవ్వాల్సింది ఇచ్చేశారు. తర్వాత చివరి వరుసలో పూ తో మొదలయ్యే మూడక్షరాల పేరు. అదేదో ఇక్కడ రాయను, అది ఆ ఇంటిది. తండ్రి తొందరలో పూకి కొమ్ము మాత్రమే పెట్టాడు, దీర్ఘం వదిలేశాడు. పంతులుగారు వేలితో చూపించి దిద్దించారు. చక్రానికి హ్రస్వమైనా దీర్ఘమైనా ఒకటేనని ఆయనే చెప్పారు గాని, పేరు పేరే.

తండ్రి బిడ్డ కుడి చెవి దగ్గర వంగి మూడుసార్లు చెప్పాడు. తర్వాత తల్లి, తాతలు, నానమ్మ, అమ్మమ్మ. గడియారం పది దాటి పది నిమిషాలు. ఆ తర్వాత పంతులుగారి గొంతు తగ్గింది, ఆడవాళ్ల గొంతులు లేచాయి. మిగతాది వాళ్ల రాజ్యం.

తొట్టెల బజారు నుంచి అద్దెకు తెచ్చిన స్టీలుది, పూలతో, థర్మోకోల్ అక్షరాలతో. నానమ్మ దాన్ని నమ్మలేదు. రోటి పొత్రానికి పసుపు రాసి, పాత చీరముక్కలో బిడ్డలాగే చుట్టి ముందు దాన్ని పడుకోబెట్టి ఊపింది. రాయిలా గట్టిగా ఉండాలని ఈ ఆచారమని చెప్తారు. స్టీలు గొలుసు ఒక పక్క కొక్కెంలోంచి సగం జారి ఉండడం ఆ ఊపులోనే బయటపడింది. పాప బరువు మూడున్నర కిలోలు, పొత్రం అంతకన్నా ఎక్కువే. కొక్కెం బిగించాకే పొత్రం తీసి బిడ్డను పడుకోబెట్టారు. మేనత్త మొలతాడు కట్టింది, మేనమామ వెండి గొలుసులు వేశాడు, కాటుక చుక్క పాదానికీ బుగ్గకూ పడింది. అన్నమయ్య జోలపాట ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లకు మొదటి చరణం దాకే వచ్చింది. తర్వాత ఫోన్లో పెట్టుకున్నారు.

చివరిది బావి పూజ. ఆ ఇంటికి బావి లేదు. ఒకప్పుడు ఉండేది, పూడ్చి పార్కింగ్ చేశారు. బాలింత పసుపు, కుంకుమ, తమలపాకు పట్టుకుని ఇంటి ముందున్న బోరు మోటారు దగ్గరికి వెళ్లి పైపుకు బొట్టు పెట్టింది, స్విచ్ వేసి చిన్న బిందె నింపి ఇంట్లోకి తెచ్చింది. పురుటి రోజుల తర్వాత ఆమె ఇంట్లో మొదటిసారి నీళ్లు పట్టింది ఇదే. పిల్లలకు గుగ్గిళ్లు పంచారు.

భోజనాలయ్యాక మేనమామ మున్సిపాలిటీ కాగితం తీశాడు. జననాన్ని 21 రోజుల్లోపు ఆస్పత్రివాళ్లు నమోదు చేసేశారు, పేరు గడి మాత్రం ఖాళీ. 1969 చట్టం ప్రకారం ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుముతో పేరు చేర్చవచ్చు కాబట్టి తొందరేం లేదు. అయినా ఆ గడి దగ్గరే మళ్లీ గొడవ మొదలైంది. పూలోని దీర్ఘానికి ఇంగ్లీషులో రెండు ఓలు పెట్టాలా, ఒక యూ పెట్టాలా అని. మేనమామ న్యూమరాలజీ చూసి రెండు ఓలే అన్నాడు. పంతులుగారు సంచి భుజాన వేసుకుంటూ, "నాయనా, నా లెక్క పది గంటల పది నిమిషాలకే అయిపోయింది" అని చెప్పులేసుకున్నారు.